నాన్నకు పొద్దున పంపే మెసేజ్ ఫార్వర్డ్‌లాగే ఉంటోంది, ఎలా రాయాలి?

పసుపుకొమ్ము

నేను బెంగళూరులో ఉంటాను. నాన్న దుగ్గిరాల దగ్గర మా ఊళ్లో ఒక్కరే ఉంటారు. అమ్మ పోయాక నా దగ్గరికి వచ్చేయమన్నా రాలేదు. పసుపు వేస్తారు, తను లేనిదే పని సాగదంటారు. రోజూ పొద్దున్నే ఆయనకు ఒక మెసేజ్ పెడతాను. ఫార్వర్డ్ కాదు, బొమ్మ కాదు, ప్రతి అక్షరం నేనే కొడతాను. అయినా తిరిగి చదువుకుంటే గులాబీ పువ్వు మీద రాసుండే మాటల్లాగే ఉంటుంది. నిన్నటిది ఉన్నదున్నట్టు పెడుతున్నా:

"శుభోదయం నాన్నా. ఈ రోజంతా మీకు ఆనందంగా గడవాలి. ఆరోగ్యం జాగ్రత్త. మందులు మర్చిపోకండి."

దీనికి ఆయన జవాబు ఒక దండం బొమ్మ. మొన్నా అదే, అటు మొన్నా అదే. సాయంత్రం ఫోన్ చేస్తే మాత్రం అరగంట మాట్లాడతారు, పొలం సంగతులు పూసగుచ్చినట్టు చెబుతారు. రాతలోకి వచ్చేసరికి ఇద్దరం కొత్తవాళ్లలా అయిపోతాం. పొద్దున మెసేజ్ చూడగానే ఇది నా కూతురు నాకోసం రాసింది అని ఆయనకు అనిపించాలి. అలా రాయడం తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి.

మిరపతోట

అసలు మెసేజ్ ఎందుకు? ఫోన్ చేసి "ఏం చేస్తున్నారు నాన్నా" అంటే సరిపోతుంది. అరగంట మాట్లాడే మనిషికి రాత ఎందుకు.

పసుపుకొమ్ము

@మిరపతోట సాయంత్రం ఎలాగూ చేస్తాను. పొద్దున ఆరింటికల్లా ఆయన కళ్లం దగ్గర ఉంటారు, చుట్టూ మనుషులుంటారు, ఫోన్ మోగితే కంగారు పడతారు. నేనేమో ఆ టైమ్‌కి ఆఫీసు బస్సులో ఉంటా. మెసేజ్ అయితే ఆయన వీలు చూసుకుని చదువుకుంటారు.

బీమా_బాబాయ్

ఇది నాకు బాగా తెలిసిన పని. నేను పాలసీదారులందరికీ రోజూ పొద్దున పంపుతాను. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ పెట్టుకోండి, ఒక్కో లిస్టులో 256 మంది దాకా పడతారు. మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే చేరుతుంది, అది చూసుకోండి. అందుకున్నవాళ్లకు విడిగా వచ్చినట్టే కనిపిస్తుంది. ఇంకా సొంతంగా ఉండాలంటే ముఖ్యమైనవాళ్లకు పేరు పెట్టి విడిగా పంపండి. పేరు కనిపిస్తే మనిషి కరుగుతాడు.

రాత్రిషిఫ్ట్

బాబాయ్, ఆవిడకు ఉన్నది ఒక్క నాన్నే. 256 మంది లిస్టు ఎందుకు.

బీమా_బాబాయ్

పైపైన చదివేశానమ్మా, పాలసీదారుల సంగతి అనుకున్నా. కానీ పేరు పెట్టమన్న మాట ఇక్కడా పనికొస్తుంది. ఉత్త "శుభోదయం" వేరు, "శుభోదయం నాన్నా" వేరు.

రాత్రిషిఫ్ట్

ఆవిడ మెసేజ్‌లో "నాన్నా" ఉంది కదా. అయినా దండమే వస్తోంది.

పాత_తపాలా

నేను అనంతపురం జిల్లాలో ఒక పల్లె పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాను. చదువు రానివాళ్లకు ఉత్తరం చదివి వినిపించడం, జవాబు రాసిపెట్టడం కూడా మా మీదే పడేది. ఆ రోజుల్లో దాదాపు ప్రతి ఉత్తరం ఒకేలా మొదలయ్యేది. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను, ఉభయకుశలోపరి. అందరిదీ అదే వరస, దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. ఎందుకంటే అసలు ఉత్తరం ఆ మాట తర్వాత మొదలయ్యేది. అక్కడిదాకా నేను గబగబా చదివేసేవాణ్ణి, వినేవాళ్లు కూడా కొంగు సర్దుకుంటూనో బీడీ వెలిగించుకుంటూనో ఉండేవారు. అది అయిపోయి "ఎర్రావు ఈనిందా, పెయ్యా కోడెదూడా" అని రాగానే ముందుకు జరిగి కూర్చునేవారు.

ఇప్పుడు మీ మెసేజ్ చూడండమ్మా. శుభోదయం, ఆనందంగా గడవాలి, ఆరోగ్యం జాగ్రత్త. ఇవన్నీ ఉభయకుశలోపరికి ముందు వచ్చే మాటలే. అసలు ఉత్తరం మొదలవ్వాల్సిన చోట మీరు ఆపేస్తున్నారు. దానికి నాన్నగారు దండం పెట్టడం తప్ప ఏం జవాబివ్వగలరు? ఆయన జవాబు మీ మెసేజ్‌కు సరిగ్గా సరిపోయింది.

పరీక్ష ఒకటి చెబుతా. "నాన్నా" తీసేసి "మావయ్యా" అని పెట్టి చూడండి. ఇంకే అక్షరమూ మార్చకుండా అది మీ మావయ్యకు చెల్లిపోతే అది మీ నాన్నగారి కోసం రాసింది కాదు. పేరు పెట్టడం మంచిదే, @బీమా_బాబాయ్ చెప్పింది అంతవరకు సరే. కానీ పేరు కవరు మీద ఉండేది. లోపల ఆయన బతుకులోని సంగతి ఒక్కటైనా ఉండాలి.

నిన్న రాత్రి ఫోన్‌లో ఆయన చివరగా దేని గురించి మాట్లాడారో గుర్తు తెచ్చుకోండి. అక్కడినుంచి ఎత్తుకోండి.

కువైట్_సోదరుడు

తపాలా అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మా నాన్న గల్ఫ్‌లో ఉన్నప్పుడు వచ్చిన ఉత్తరాలు అమ్మ ఇప్పటికీ దాచింది. అన్నీ ఒకేలా మొదలవుతాయి, లోపల మాత్రం ఏ రెండూ ఒకటి కాదు.

పసుపుకొమ్ము

@పాత_తపాలా గారూ, మావయ్య పరీక్ష పెట్టి చూశాను. చెల్లిపోయింది. మావయ్యకే కాదు, మా అపార్ట్‌మెంట్ సెక్రటరీకి కూడా చెల్లుతుంది.

నిన్న రాత్రి ఆయన చెప్పింది ఇది. ఉడకబెట్టిన పసుపు కళ్లంలో ఆరబోశారట. సాయంత్రం నుంచి దక్షిణం వైపు మబ్బు పట్టిందట. తడిస్తే రంగు పోతుంది, యార్డులో ధర పడిపోతుంది, పట్టాలు తెప్పించాలి అన్నారు. రేపటికి ఇలా రాసుకున్నాను, చూడండి:

"శుభోదయం నాన్నా. రాత్రి మబ్బు పట్టిందన్నారు కదా, నాకు అదే ధ్యాస, సరిగా నిద్ర పట్టలేదు. వాన పడిందా? పట్టాలు కప్పారా? మనుషులు వచ్చారా? టిఫిన్ చేశారా? బీపీ మాత్ర వేసుకున్నారా?"

రాత్రిషిఫ్ట్

మొదటిదానికంటే వంద రెట్లు నయం. ప్రశ్నలు అడగడమే కీలకం అనుకుంటా. ప్రశ్న ఉంటే జవాబు రాయక తప్పదు. ఎన్ని ఎక్కువ అడిగితే అంత మంచిది.

పాత_తపాలా

@రాత్రిషిఫ్ట్ సగం వరకే నిజం బాబూ. ఇందులో అయిదు ప్రశ్నలున్నాయి. అయిదింటికీ జవాబు కొట్టాలంటే కళ్లంలో నిలబడ్డ మనిషికి ఎక్కడ కుదురుతుంది? "అన్నీ బాగానే ఉన్నాయమ్మా" అని ఒక ముక్క పంపేస్తారు. నేను రాసిపెట్టిన ఉత్తరాల్లోనూ అంతే. ప్రశ్నలు గుప్పిస్తే అన్నింటికీ కలిపి "అందరం బాగున్నాం" అనే వచ్చేది. ఒక్కటే అడిగితే దానికి తిన్నగా జవాబు వచ్చేది.

ఏ ఒక్కటి ఉంచాలి? ఆయనకు తెలిసి మీకు తెలియనిది. టిఫిన్, మాత్ర సంగతి ఎవరైనా అడుగుతారు. పట్టాలు కప్పారా అని అడగగలిగింది మీరొక్కరే, ఎందుకంటే రాత్రి ఆ మాట విన్నది మీరు.

ఇంకోటి, ఇది అన్నింటికంటే ముఖ్యం. "నిద్ర పట్టలేదు" తీసేయండి. ప్రేమతో రాశారని తెలుసు. కానీ ఆ మాట చదివిన తండ్రి ఏమనుకుంటాడు? అనవసరంగా పిల్లకు చెప్పి దిగులు పెట్టాను అనుకుంటాడు. రేపు మబ్బు పట్టినా మీకు చెప్పడు. ఊళ్లో నేను ఇది కళ్లారా చూశాను. పట్నంలో ఉన్న కొడుకు "మీ ఉత్తరం చూసి అన్నం సయించలేదు" అని రాస్తే, తర్వాతి ఉత్తరంలో తల్లి తన జ్వరం సంగతి రాయొద్దనేది. "బాగున్నానని రాయి నాయనా" అనేది.

మిరపతోట

ఈ చివరి ముక్క మాత్రం ఒప్పుకుంటా. మా అమ్మ అందుకే నాకు ఏమీ చెప్పదు కాబోలు.

కువైట్_సోదరుడు

నా సంగతి చెబుతా. మా ఆవిడ, పిల్లలు రాజంపేటలో ఉంటారు. మాకూ వాళ్లకూ రెండున్నర గంటల తేడా. నేను నాలుగున్నరకు కంపెనీ బస్సు ఎక్కే టైమ్‌కి అక్కడ ఏడు, ఆమె పిల్లల బాక్సులు కడుతూ ఉంటుంది. మొదట్లో రోజూ ఒకటే మెసేజ్ పెట్టేవాణ్ణి. తిన్నారా, పిల్లలు లేచారా, బడికి పోయారా. ఒకరోజు ఆమె "నువ్వు మెసేజ్ పెడుతున్నావా, హాజరు తీసుకుంటున్నావా" అంది.

అప్పటినుంచి అడగడం తగ్గించి నా సంగతి ఒకటి చెప్పడం మొదలుపెట్టా. "రాత్రి ఇసుకగాలి లేచింది, కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కి పడుకున్నాం. పొద్దున లేచేసరికి చెప్పుల నిండా ఇసుక." అంతే, ప్రశ్న లేదు. దానికి ఆమె రాసిన జవాబు ఇంత పొడుగుంది. చిన్నోడు చెప్పుల్లో ఇసుక ఫొటో కావాలని గొడవ చేశాడంట. అందుకని నేననేది, ప్రశ్న ఉండి తీరాలని లేదు. మనం ఉన్న చోటు వాళ్లకు కనపడితే వాళ్లున్న చోటు మనకు చూపిస్తారు.

పాత_తపాలా

@కువైట్_సోదరుడు మంచి మాట. రోజూ ప్రశ్నే అయితే తనిఖీలా ఉంటుంది, రోజూ మన కబురే అయితే వార్తల్లా ఉంటుంది. ఇవాళ అడిగితే రేపు చెప్పాలి.

ఓరుగల్లు_పిల్ల

అందరూ పువ్వుల బొమ్మలను తక్కువ చేసి మాట్లాడుతున్నారు, నాకు నచ్చలేదు. మా అమ్మ ఊళ్లో ఉంటుంది, ఎక్కువ చదువుకోలేదు, టైప్ చేయడం రాదు. రోజూ దేవుడి బొమ్మ మీద గుడ్ మార్నింగ్ ఉన్నది పంపుతుంది. సోమవారం శివుడు, శనివారం వెంకన్న. ఆ బొమ్మ వెతికి, నా పేరు వెతికి, పంపడానికి ఆమెకు ఎంత సేపు పడుతుందో నాకు తెలుసు. ఒక రోజు ఎనిమిదైనా రాకపోతే పక్కింటి అత్తమ్మకు ఫోన్ చేశాను. అమ్మకు జ్వరం, లేవలేకపోతోంది. బొమ్మ రాలేదు కాబట్టే తెలిసింది.

మాటలు రాయగలిగినవాళ్లు రాయండి. కానీ ఫార్వర్డ్ పంపినవాళ్లకు మనసు లేదన్నట్టు మాట్లాడకండి.

పసుపుకొమ్ము

@ఓరుగల్లు_పిల్ల అలా ఎవరూ అనలేదు, నేనైతే అసలు అనను. మా నాన్న కూడా ఒక్కోసారి బొమ్మ పంపుతారు, నేను దాచుకుంటాను. నా గొడవల్లా నా మెసేజ్ గురించే. నాకు టైప్ చేయడం వచ్చు, టైమ్ ఉంది, చెప్పడానికి ఎంతో ఉంది. అయినా అది రావడం లేదని.

స్టోరేజ్_ఫుల్

బొమ్మల గురించి ఒక సాంకేతిక విషయం. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసింది ఏదైనా పైన Forwarded అని కనిపిస్తుంది, ఇది 2018 నుంచి ఉంది. చాలా చేతులు మారినదైతే రెండు బాణాల గుర్తుతో Forwarded many times అని వస్తుంది. అది చూడగానే అవతలివాళ్లకు అర్థమైపోతుంది. కొంతమంది బొమ్మను గ్యాలరీలో సేవ్ చేసి కొత్తగా పంపుతారు, అప్పుడు ఆ గుర్తు రాదు. కానీ నిన్న వాళ్ల వదిన పంపింది కూడా అదే బొమ్మ అయితే గుర్తు లేకపోయి ఏం లాభం.

ఇంకోటి, పెద్దవాళ్ల ఫోన్లు ఈ బొమ్మలతోనే నిండిపోతాయి. Settings లో Storage and data, అందులో Manage storage లోకి వెళితే బాగా ఫార్వర్డ్ అయినవి వేరుగా కనిపిస్తాయి. ఊరెళ్లినప్పుడు అక్కడ ఖాళీ చేసిపెట్టండి. ఫోన్ నిండిపోతే మీరు పంపే ఫొటోలు కూడా డౌన్‌లోడ్ కావు.

ఓరుగల్లు_పిల్ల

ఖాళీ చేసే ముందు అమ్మను అడగండి. మా అన్న అడగకుండా తీసేస్తే ఆమె వేములవాడ వెళ్లినప్పటి ఫొటోలు కూడా పోయాయి.

డల్లాస్_రాత్రి

నేను టైమ్ గురించి చెప్పాలి, ఎవరూ దాని మాట ఎత్తలేదు. అమ్మ నెల్లూరులో. ఆమెకు పొద్దున ఏడంటే నాకు ముందు రోజు రాత్రి. మార్చి నుంచి నవంబరు మొదటిదాకా ఎనిమిదిన్నర, మిగతా నెలల్లో ఏడున్నర. గడియారం మార్చిన వారం నేను పాత టైమ్‌కే పంపితే అమ్మకు ఒక గంట ముందే పోయింది, "ఇంత తెల్లవారుజామున ఏమైందిరా" అని కంగారుగా ఫోన్ చేసింది. దూరంగా ఉన్నవాళ్లకు వేళకాని వేళ మెసేజ్ వస్తే చదివేలోపే గుండె జారుతుంది. ఎప్పుడు వస్తుందో అలవాటైతే ప్రశాంతంగా కాఫీ తాగుతూ చదువుతారు.

నా రోజు అప్పటికి అయిపోయి ఉంటుంది కాబట్టి చెప్పడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. "ఇవాళ గోంగూర దొరికింది, నువ్వు చేసినట్టు రాలేదు" లాంటివి. దానికి ఆమె ఎక్కడ తేడా వచ్చిందో రాసి పంపుతుంది. ఉల్లిపాయ ఎప్పుడు వేశావు అని అడుగుతుంది.

ఇంకా ముఖ్యమైనది లిపి. నేను మొదట్లో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాణ్ణి. అమ్మ ఏమీ అనలేదు. చెల్లి చెప్పింది, అమ్మ ప్రతి మాటా కూడబలుక్కుని చదువుతోందని, కష్టంగా ఉంటే సగంలో వదిలేస్తోందని. ఇప్పుడు కీబోర్డులో తెలుగు పెట్టుకుని మైక్ నొక్కి మాట్లాడతాను, తెలుగు అక్షరాలు వచ్చేస్తాయి, తప్పులు దిద్ది పంపుతాను. నోటితో చెప్పింది కాబట్టి వాక్యం కూడా మాటలాగే వస్తుంది. "ఆనందంగా గడవాలని కోరుకుంటున్నాను" అని నోటితో మా అమ్మతో ఎప్పుడైనా అన్నానా? అనలేదు కదా. అందుకే మైక్‌లో అది రాదు.

పసుపుకొమ్ము

@డల్లాస్_రాత్రి ఈ చివరి మాట నాకు బాగా పట్టుకుంది. నేను నాన్నతో నోటితో ఎప్పుడూ "శుభోదయం" అనలేదు. లేచాక "నాన్నా, కాఫీ అయిందా" అనేదాన్ని.

చిన్నకోడలు

నాదీ ఇలాంటి సమస్యే కానీ అత్తయ్యగారితో. ఫ్యామిలీ గ్రూపులో అందరూ శుభోదయం పెడతారు, నేనూ పెడతాను. పై సలహాలు చదివి నిన్న గ్రూపులోనే "అత్తయ్యగారూ, మోకాలు నొప్పి తగ్గిందా, నిన్న కొత్త తైలం రాశారు కదా" అని పెట్టాను. ఆమె ఏమీ అనలేదు. మా తోటికోడలు విడిగా ఫోన్ చేసి "అందరికీ చెప్పాలా" అంది. ఎక్కడ తేడా జరిగింది?

పాత_తపాలా

@చిన్నకోడలు మీరు రాసింది మంచి మాటే, పెట్టిన చోటే కుదరలేదు. ఉత్తరం నేను చదివేటప్పుడు చుట్టూ పదిమంది ఉండేవారు. అందుకే తెలిసినవాళ్లు నొప్పుల సంగతి, డబ్బు సంగతి అందులో రాయించేవారు కాదు. గ్రూపు కూడా అలాంటి అరుగే. అక్కడ అందరికీ చెల్లే మాట పెట్టండి, మోకాలి సంగతి ఆవిడకు విడిగా పంపండి. వాయిస్ మెసేజ్ అయితే ఇంకా జాగ్రత్త. పెద్దవాళ్లు ఫోన్ చెవి దగ్గర పెట్టుకోరు, స్పీకర్లో వింటారు, ఇల్లంతా వింటుంది.

మిరపతోట

నేను ఒప్పుకోను. ఇంట్లోవాళ్ల దగ్గర మోకాలి నొప్పి కూడా దాచాలా? అత్తగారిని పట్టించుకున్న కోడలికి గ్రూపులో మంచి పేరే రావాలి.

చిన్నకోడలు

@మిరపతోట తోటికోడలు అనుకుంది అదేనేమో, నేను మంచి పేరు కోసం పెట్టానని. ఇవాళ విడిగా పంపాను. "రాత్రి తైలం రాశాక పడుకోగలిగాను, నువ్వు వచ్చినప్పుడు ఇంకో సీసా తే" అని రాశారు. గ్రూపులో మాత్రం ఈ మాట రాసి ఉండేవారు కాదు.

పసుపుకొమ్ము

ఇవాళ పొద్దున పంపింది, అందరి సలహాలూ కలిపి:

"నాన్నా, రాత్రి మబ్బు పట్టిందన్నారు. పసుపు మీద పట్టాలు కప్పించారా? ఇక్కడ మాత్రం పొద్దున్నుంచే ఎండ."

శుభోదయం కూడా పెట్టలేదు. మైక్‌లో చెప్పి "పట్టాలు" అన్న మాట ఒక్కటి దిద్దాను. బస్సు దిగేసరికి జవాబు వచ్చి ఉంది:

"రాత్రి పదింటికే కప్పించాను. నాలుగు చినుకులు పడి ఆగింది. కొమ్ము తడవలేదు. కాయ ఆరడానికి ఇంకా నాలుగు రోజులు పట్టేలా ఉంది. మీకు ఎండ ముదిరిందా, గొడుగు తీసుకెళ్లు."

ఆ తర్వాత పట్టాలు తీస్తున్న ఫొటో ఒకటి వచ్చింది. ఫోన్ అడ్డంగా పట్టుకుని తీశారు, సగం ఆయన వేలే ఉంది. ఆయన నాకు ఫొటో తీసి పంపడం ఇదే మొదలు.

ఓరుగల్లు_పిల్ల

చదువుతుంటే చాలా సంతోషమైంది అక్కా.

రాత్రిషిఫ్ట్

వేలు కత్తిరించకుండా ఫొటో అలాగే దాచండి.

కువైట్_సోదరుడు

"గొడుగు తీసుకెళ్లు" అన్నారు చూడండి. మీరు ఎండ అని చెప్పకపోతే ఆ మాట వచ్చేది కాదు.

డల్లాస్_రాత్రి

కాయ అంటే ఏంటి? పసుపుకు కాయ కాస్తుందా?

నిజామాబాద్_రైతు

@డల్లాస్_రాత్రి చెట్టుకు కాసేది కాదు. పసుపు తవ్వినప్పుడు మధ్యలో ఉండే లావు దుంపను అటువైపు కాయ అంటారు, పక్కలకు వేళ్లలా వచ్చేవి కొమ్ములు. దుంప లావు కాబట్టి ఆరడానికి ఎక్కువ రోజులు పడుతుంది. మా వైపు వేరే పేర్లు, పని మాత్రం ఒకటే.

పసుపుకొమ్ము

ఇప్పుడు ఇంకో సందేహం. ఇవాళంటే మబ్బు ఉంది, అడిగాను. పసుపు అమ్మేశాక, పొలం ఖాళీగా ఉన్నప్పుడు, ఏ సంగతీ లేని రోజున ఏం రాయాలి? నాలుగు రోజులు వరసగా "రాత్రి ఇలా అన్నారు, ఇవాళ ఎలా ఉంది" అని రాస్తే అదే ఒక కొత్త మూస అయిపోతుందని భయంగా ఉంది.

పాత_తపాలా

ఏమీ లేని రోజు ఉత్త శుభోదయం పెట్టండి. తప్పేం లేదు. ఉభయకుశలోపరి దగ్గరే ఆగిపోయిన ఉత్తరాలు కూడా నేను చాలా చదివాను. రాసినవాడు బతికున్నాడు, గుర్తుంచుకున్నాడు, ఆ మాత్రం కబురే అది. వారంలో రెండు మూడు రోజులు అసలు ఉత్తరం ఉంటే మిగతా రోజుల శుభోదయం కూడా నిండుగానే కనిపిస్తుంది.

మిరపతోట

@పాత_తపాలా ఇక్కడ మళ్లీ ఒప్పుకోను. చెప్పడానికి ఏమీ లేనప్పుడు పంపకపోవడమే నయం. ఉత్త శుభోదయం మొదలుపెడితే నాలుగు రోజుల్లో మళ్లీ దండం బొమ్మ దగ్గరికే వస్తారు.

ఓరుగల్లు_పిల్ల

పంపకపోతే అటువైపు మనిషి ఏమైందోనని చూస్తూ కూర్చుంటుంది @మిరపతోట. మా అమ్మ బొమ్మ రాని రోజు నేను అదే చేశాను. రోజూ ఒక టైమ్‌కి అలవాటు చేశాక మానేయకూడదు.

మిరపతోట

అలవాటు చేయకండి అనే నేను అంటున్నది. మా ఇంట్లో ఎవరూ రోజూ పంపుకోం, ఎవరూ కంగారు పడం.

కువైట్_సోదరుడు

ఇల్లు ఇల్లుకూ తేడా ఉంటుంది అన్నా. మీరందరూ ఒకే ఊళ్లో ఉన్నారేమో.

డల్లాస్_రాత్రి

ఏమీ లేని రోజున నేను ఫొటో పెడతాను. నెట్‌లోది కాదు, నా కిటికీలోంచి తీసింది. ఇవాళ చెట్టుకు ఆకులు వచ్చాయి, నిన్న లేవు, అంతే. మాటలు రాయకపోయినా అది అమ్మకు మాత్రమే తీసిందని ఆమెకు తెలుస్తుంది.

స్టోరేజ్_ఫుల్

ఆ ఫొటోను ఆమె తన స్నేహితురాళ్ల గ్రూపులో గుడ్ మార్నింగ్ అని ఫార్వర్డ్ చేసి ఉంటుంది, చూసుకోండి.

డల్లాస్_రాత్రి

చేసింది. "మా అబ్బాయి ఇంటి ముందు చెట్టు" అని రాసి మరీ చేసింది.

పసుపుకొమ్ము

ఏమీ లేని రోజు సంగతి ఇంకా తేల్చుకోలేదు, తపాలా గారి మాటా మిరపతోట గారి మాటా రెండూ ఆలోచిస్తాను. రేపటికి మాత్రం ఇది అనుకుంటున్నా: "నాన్నా, యార్డులో కొమ్ము ధర ఎలా ఉంది? ఈసారి ఎప్పుడు తీసుకెళదామనుకుంటున్నారు?"

నిజామాబాద్_రైతు

ధర పొద్దున అడగకండి అమ్మా. ఆ వేళకు యార్డులో ఆ రోజు ధర తేలదు, ఆయన దగ్గర జవాబు ఉండదు. పైగా పంట కళ్లంలో ఉన్న రైతుకు లేవగానే ధర మాట ఎత్తితే టెన్షన్. ధర సాయంత్రం ఫోన్‌లో ఆయనే చెబుతారు. పొద్దున అయితే కళ్లంలో కంటికి కనిపించేది అడగండి. రాత్రి మంచు పడిందా, కాయ కలబెట్టించారా, ఎంతమంది వచ్చారు. వాటిలో ఒక్కటి చాలు.

పసుపుకొమ్ము

అయితే కాయ సంగతే అడుగుతాను. "నాన్నా, కాయ ఇవాళ కలబెట్టిస్తున్నారా? గొడుగు తీసుకెళుతున్నా." ఇది సరేనా?

నిజామాబాద్_రైతు

పంపేయండి.